శొంఠి టింక్చర్: ఏ మందులో, ఎంత, ఎన్ని రోజులు

మన దగ్గర మందు అనే మాటకు రెండర్థాలు. టింక్చర్‌లో ఆ రెండూ ఒకే సీసాలో ఉంటాయి. మూలికను ఆల్కహాల్‌లో కొన్ని వారాలు ఊరబెట్టి, పిండి, వడగడితే మిగిలే ద్రవమే టింక్చర్. కషాయం పొద్దున కాస్తే రేపటికి పాడైపోతుంది. ఆసవాలు, అరిష్టాలు బెల్లంతో పులిసి తమ ఆల్కహాల్‌ను తామే తయారు చేసుకుంటాయి, అది సాధారణంగా 5 నుంచి 12 శాతం లోపే ఉంటుంది. టింక్చర్‌లో ఆల్కహాల్‌ను బయటి నుంచి మనమే కొలిచి పోస్తాం కాబట్టి చివరికి ఎంత ఉంటుందో ముందే లెక్క కట్టుకోవచ్చు. ఆ లెక్క తప్పితే రెండు నెలల్లో సీసాలో బూజు కనిపిస్తుంది.

ఇక్కడ శొంఠిని ఉదాహరణగా తీసుకుంటున్నాం. ఏ కిరాణా కొట్టులోనైనా దొరుకుతుంది, వంటింట్లో వాడకం ఉన్నదే, పైగా దీని ఘాటు ఆల్కహాల్‌లోకి బాగా దిగుతుంది. పచ్చి అల్లం, తులసి, పసుపు ఎక్కడ దీనికి భిన్నంగా నడుస్తాయో మధ్యమధ్యలో వస్తుంది.

వైన్ షాపులో ఏది అడగాలి

సీసా మీది అంకెలు చదవడం దగ్గరే చాలామంది తప్పటడుగు వేస్తారు. వోడ్కా, రమ్ము, బ్రాందీ లేబుల్ మీద "75° ప్రూఫ్" అనో "25 అండర్ ప్రూఫ్" అనో ఉంటుంది. దాన్ని 75 శాతం ఆల్కహాల్ అనుకుంటారు. మన దేశంలో వాడే పాత బ్రిటిష్ కొలతలో 100 ప్రూఫ్ అంటే 57.1 శాతం. అందులో 75 వంతులు తీసుకుంటే 42.8 వస్తుంది. లేబుల్ మీద ఎక్కడో చిన్న అక్షరాల్లో 42.8% v/v అని కూడా ఉంటుంది, నమ్మాల్సింది దాన్నే. కొన్ని రకాల్లో అది 40 గానో 37.5 గానో ఉంటుంది కాబట్టి కొనే ముందు సీసా తిప్పి చూడాలి. పండ్ల రుచి కలిపిన వోడ్కాల్లో చక్కెర ఉంటుంది, ఆల్కహాల్ తక్కువ ఉండొచ్చు. అవి వద్దు.

మరి వోడ్కానా, బ్రాందీనా, రమ్మా? ముగ్గురిదీ బలం 42.8 శాతమే అయితే మూలికలోంచి సారం లాగే శక్తిలో తేడా ఏమీ ఉండదు. అయినా వోడ్కానే మేలు. దానికి రంగు, వాసన లేవు కాబట్టి శొంఠి రంగు రోజురోజుకీ ఎంత దిగుతున్నదో కళ్లకు కనిపిస్తుంది. రమ్ములో ముందే కారమెల్ రంగు ఉంటుంది. రెండో వారంలో సీసా చూస్తే అది శొంఠి రంగో రమ్ము రంగో తేల్చుకోలేరు. బ్రాందీ ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది. ఇంట్లో ఉన్నది అదే అయితే నష్టం లేదు. వోడ్కాలో చవకదే చాలు, ఖరీదైన సీసా కొన్నంత మాత్రాన శొంఠికి తెలియదు.

90 శాతం ఆల్కహాల్ దొరికితే ఇంకా బాగుంటుందా? శొంఠి విషయంలో నిజమే. బ్రిటన్ మందుల ప్రమాణాల పుస్తకమైన బ్రిటిష్ ఫార్మకోపియాలో స్ట్రాంగ్ జింజర్ టింక్చర్‌ను 90 శాతం ఆల్కహాల్‌తోనే చేయమని ఉంది. శొంఠికి కారం ఇచ్చే పదార్థాలు జిగురులాంటి నూనె రూపంలో ఉంటాయి. నీళ్లు తగ్గి ఆల్కహాల్ పెరిగిన కొద్దీ అవి ఎక్కువ కరుగుతాయి. కానీ అంత బలమైన రెక్టిఫైడ్ స్పిరిట్‌ను ఎక్సైజ్ అనుమతి లేకుండా అమ్మరు, కొనడానికీ వీల్లేదు. కాబట్టి ఇంట్లో చేసేది 42.8 శాతంతో ఒక రాజీ. ఘాటు కొంత పిప్పిలో మిగిలిపోతుంది, అది ఒప్పుకొని ముందుకు పోవాలి.

ఆ రాజీ ఇష్టంలేక కొందరు మెడికల్ షాపులో సర్జికల్ స్పిరిట్ కొంటారు. అది తాగకుండా ఉండేందుకే విషం కలిపిన స్పిరిట్, లోపలికి పోతే చూపు పోవచ్చు, ప్రాణం పోవచ్చు. శానిటైజర్ సంగతీ అంతే. గుడుంబా, ఇప్పసారా కూడా పక్కన పెట్టాల్సిందే. చట్టం సంగతి అట్లుంచినా, ఒక్కో బట్టీలో ఒక్కో బలం ఉంటుంది, కొలత ఉండదు. అగ్గిపుల్ల గీస్తే నీలిమంట వస్తే అసలు సరుకని ఊళ్లల్లో ఒక పరీక్ష ఉంది. మిథనాల్ కూడా నీలిమంటతోనే మండుతుంది. ఆ పరీక్ష బలం గురించి కొంత చెబుతుందేమో గానీ, అందులో విషం ఉన్నదా లేదా అన్నది చెప్పదు. ఇక కల్లులో, బీరులో ఊరబెడితే టింక్చర్ కాదు. ఆ బలానికి మూలిక నిలవదు, ఒకట్రెండు రోజుల్లో పుల్లబడిపోతుంది.

పసుపు సంగతి ఇక్కడే తేల్చేద్దాం, ఎందుకంటే నిజామాబాద్, జగిత్యాల వైపు ఇంట్లో పసుపు కొమ్ములు బస్తాల్లో ఉంటాయి కాబట్టి ముందు చేయి దాని మీదికే పోతుంది. పసుపులోని కుర్కుమిన్ నీళ్లలో దాదాపు కరగదు. 42.8 శాతం వోడ్కాలో సగానికి పైగా నీళ్లే ఉంటాయి. రెండు రోజుల్లో ద్రవం పచ్చగా మెరిసిపోయి బాగా దిగిందనిపిస్తుంది గానీ, కుర్కుమిన్ రంగు చాలా గాఢం, కొంచెం కరిగినా సీసా అంతా పసుపే. అసలు సరుకు అడుగున పొడిలోనే ఉండిపోతుంది. పసుపుకు వోడ్కా సరిపోదు, పాలలోనో నూనెలోనో వాడుకోవడమే నయం. తులసి మాత్రం 42.8 శాతానికి చక్కగా ఒదుగుతుంది. దాని సువాసన నూనెకు ఆ బలం చాలు.

1:5 కన్నా 1:2 ఘాటా?

పాళ్లు ఎప్పుడూ గ్రాములు, మిల్లీలీటర్లలో చెప్పుకుంటారు. 1:5 అంటే 1 గ్రాము మూలికకు 5 మిల్లీలీటర్ల ద్రవం. గ్లాసుకు గ్లాసు, గుప్పెడుకు సీసా అనే లెక్క పనికిరాదు. గ్లాసెడు శొంఠి పొడి, గ్లాసెడు శొంఠి ముక్కలు ఒకే బరువు తూగవు. ఎండిన మూలికకు 1:5, పచ్చిదానికి 1:2 అన్నది వాడుకలో ఉన్న పాళ్లు. వీటిని చూసి పచ్చి అల్లం టింక్చరే ఘాటుగా ఉంటుందని అనుకోవడం సహజం. నిజం తలకిందులు.

హాఫ్ సీసా వోడ్కా తీసుకుందాం, అంటే 375 మిల్లీలీటర్లు. 42.8 శాతం చొప్పున అందులో దాదాపు 160 మిల్లీలీటర్ల ఆల్కహాల్ ఉంటుంది. శొంఠి అయితే 375ని 5తో భాగించి 75 గ్రాములు వేస్తాం. ఎండిన శొంఠిలో నూటికి పది పాళ్లు తేమ ఉంటుందనుకుంటే 7 మిల్లీలీటర్ల నీళ్లే కొత్తగా చేరతాయి. చివరి బలం 42 శాతం దగ్గరే నిలుస్తుంది. వేసిన 75 గ్రాములలో 67 గ్రాములు అసలు పదార్థం.

ఇప్పుడు పచ్చి అల్లం. 1:2 చొప్పున 187 గ్రాములు. అల్లంలో నూటికి 80 పాళ్లు నీళ్లే, అంటే 150 మిల్లీలీటర్లు. అవి వోడ్కాలో కలిసిపోయి ద్రవం 525 మిల్లీలీటర్లు అవుతుంది. ఆల్కహాల్ మాత్రం అదే 160. భాగిస్తే 30 శాతం చిల్లర. అసలు పదార్థం 37 గ్రాములే, అదీ 525 మిల్లీలీటర్లలో పరుచుకొని ఉంటుంది. చెంచాకు చెంచా పోలిస్తే శొంఠి టింక్చర్‌లో పచ్చి అల్లం దానికి రెండున్నర రెట్ల సరుకు ఉంటుంది.

ఈ లెక్కలో అసలు ప్రమాదం ఘాటు తగ్గడం కాదు, నిలవ చెడడం. 20 శాతం కన్నా తగ్గితే సూక్ష్మజీవులు బతకడం మొదలుపెడతాయి. ఇంటి కొలతల్లో అటూఇటూ తేడా రాక మానదు కాబట్టి 25 శాతాన్ని గీతగా పెట్టుకోవాలి. సీసా నిండా అల్లం కుక్కి, అది మునిగేదాకా వోడ్కా పోసే పద్ధతి ఒకటుంది. అందులో పాళ్లు సుమారుగా 1:1కి వస్తాయి. 375 గ్రాముల అల్లం 300 మిల్లీలీటర్ల నీళ్లు తెస్తుంది, బలం 24 శాతానికి పడిపోతుంది. పైన తేలిన ముక్కలు గాలికి తగులుతూ ఉంటే బూజు అక్కడే మొదలవుతుంది. తులసి కూడా పచ్చి ఆకుగా వేస్తే ఇదే లెక్క. కడిగిన ఆకులను గంటసేపు బట్ట మీద ఆరబెట్టి, తడి పోయాకే తూచాలి. ఆకు మీది నీళ్ల చుక్కలు కూడా లెక్కలోకి వస్తాయి.

అయితే పచ్చి అల్లం అసలు వద్దా అంటే, అది ఏం కావాలన్న దాన్ని బట్టి ఉంటుంది. అల్లం ఎండేటప్పుడు అందులోని జింజెరాల్‌లో కొంత షోగాల్‌గా మారుతుంది. షోగాల్‌కు కారం ఎక్కువ. శొంఠి నాలుక మీద పెడితే గొంతు దాకా మంట పుట్టడానికి కారణం ఇదే. కడుపు ఉబ్బరానికి, అజీర్తికి ఘాటు కావాలనుకుంటే శొంఠి. నిమ్మ వాసన లాంటి ఆ పచ్చి సువాసన చాయ్‌లో కావాలంటే అల్లం, కానీ అది ఏడాదిలో వాడేసే సరుకు. మొదటిసారి చేసేవాళ్లకు శొంఠే సరైనది, అందులో తప్పు జరగడానికి చోటు తక్కువ.

శొంఠి కొనడం, దంచడం

కొట్టులో రెండు రకాలు కనిపిస్తాయి. తెల్లగా, పొడి పూసినట్టు ఉండేది సున్నం పట్టించిన శొంఠి. పురుగు పట్టకుండా, చూడ్డానికి తెల్లగా ఉండేందుకు అట్లా చేస్తారు. దాన్ని వేస్తే సున్నం అడుగున తెల్లటి మడ్డిగా దిగుతుంది, వడపోత కష్టమవుతుంది, పైగా 75 గ్రాముల తూకంలో కొంత సున్నమే ఉంటుంది. మట్టిరంగులో, ముడతలు పడి, చూడ్డానికి ఏమంత బాగుండని శొంఠే అడగాలి. ఒక కొమ్ము విరిస్తే ఫట్టుమని విరగాలి, లోపల లేత పసుపు రంగు, విరిగిన చోట ఘాటైన వాసన ఉండాలి. సన్నటి బెజ్జాలు, రాలే పిండి కనిపిస్తే పుచ్చినదని లెక్క. ప్యాకెట్లో వచ్చే శొంఠి పొడి వాడితే పని తేలికే గానీ, వాసన అప్పటికే సగం పోయి ఉంటుంది. మెత్తటి పొడి సీసా అడుగున ముద్దకట్టి, మధ్యలోకి వోడ్కా దిగదు.

దంచడం బరకగా ఉండాలి. శొంఠి కొమ్ములను ముందు రోట్లో కచ్చాపచ్చాగా నలగ్గొట్టి, తర్వాత కందిపప్పు బద్ద నుంచి ఉప్మా రవ్వ దాకా ఉండే సైజుకు తేవాలి. అంతకన్నా పెద్ద ముక్కలైతే శొంఠి లోపలి దాకా ఆల్కహాల్ చేరడానికి నెలలు పడుతుంది. మిక్సీ వాడేవాళ్లు రెండు మూడు సెకన్ల చొప్పున ఆపి ఆపి తిప్పాలి, జారు వేడెక్కితే వాసన ఎగిరిపోతుంది. కొమ్ములు నేరుగా మిక్సీలో వేస్తే బ్లేడు పోతుంది, రోటితోనే మొదలుపెట్టండి.

ఊరబెట్టడం

75 గ్రాముల శొంఠి, 375 మిల్లీలీటర్ల వోడ్కాకు అర లీటరు గాజు సీసా సరిగ్గా సరిపోతుంది. ఖాళీ అయిన కాఫీ సీసా, తేనె సీసా బాగుంటాయి. ఆవకాయ జాడీ వాడొద్దు, దాని మూత గాలి ఆపదు, ఆల్కహాల్ మెల్లగా ఆవిరై బలం తగ్గిపోతుంది. స్టీలు డబ్బాది కూడా ఇదే జబ్బు. సీసాను వేడినీళ్లతో కడిగి, బోర్లించి, చుక్క నీళ్లు లేకుండా ఆరనివ్వాలి. రేకు మూత అయితే లోపలి అట్టకు ఆల్కహాల్ తగిలి జిగురు కరుగుతుంది. మధ్యలో బటర్ పేపర్ ముక్క పెట్టి బిగిస్తే సరి.

ముందు శొంఠి వేసి, పైన వోడ్కా పోసి, మూత బిగించి బాగా ఊపాలి. మొదటి రెండు రోజుల్లో శొంఠి ద్రవాన్ని పీల్చి ఉబ్బుతుంది, మట్టం దిగినట్టు కనిపిస్తుంది. అప్పుడు గాబరాపడి ఇంకా వోడ్కా పోస్తే పాళ్లు మారిపోతాయి. శొంఠి మునిగే ఉంటే వదిలేయండి. పైకి తేలి బయటపడితే మాత్రం రెండు చెంచాలు పోసి, ఎంత పోశారో రాసి పెట్టుకోండి.

సీసాను ఎండలో పెట్టాలన్న మాట వినిపిస్తుంటుంది. ఊరగాయ అలవాటుతో వచ్చిన మాట కావచ్చు. వరంగల్ ఎండాకాలంలో 43, 44 డిగ్రీలు మామూలు విషయం, ఎండలో పెట్టిన సీసా ఇంకా వేడెక్కుతుంది. లోపల ఆవిరి పెరిగి మూత సందులోంచి ఆల్కహాల్ పోతుంది, వెలుతురుకు సారం చెడుతుంది. పైగా 40 శాతం ఆల్కహాల్ నుంచి 26 డిగ్రీల దగ్గరే మంట అంటుకునేంత ఆవిరి లేస్తుంది. అంటే మన ఎండాకాలంలో పొయ్యి పక్కన మూత తీసిన సీసా అంటే అగ్గి పక్కన గడ్డివామే. గ్యాసు మీద వేడి చేసి తొందరగా సారం దించాలన్న ఆలోచన అసలు రానీయొద్దు. సజ్జ మీద కూడా వద్దు, స్లాబు వేడి అంతా అక్కడే చేరుతుంది. నడింట్లో కింది అలమారు, తలుపు మూసి ఉండే చోటు చాలు. వీలైతే చలికాలంలో, నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్య చేసుకుంటే ఈ తిప్పలేవీ ఉండవు.

రోజుకు రెండుసార్లు ఊపాలి. ఊపకపోతే శొంఠి చుట్టూ ఉన్న ద్రవం సారంతో నిండిపోయి అక్కడే ఆగిపోతుంది, పైన ఉన్న వోడ్కా ఖాళీగానే ఉంటుంది.

ఎన్ని రోజులు? రవ్వ సైజుకు దంచితే రెండు వారాలు, కందిపప్పు సైజుకైతే నాలుగు. మొదటి వారంలోనే ఎక్కువ భాగం దిగిపోతుంది, ఆ తర్వాత ప్రతి వారం లాభం తగ్గుతూ పోతుంది, ఆరు వారాలు దాటితే సీసాను ఆక్రమించుకోవడం తప్ప ప్రయోజనం లేదు. ఆరు నెలలు ఊరిన టింక్చర్ గొప్పదన్న మాటకు ఆధారం లేదు. ఆకులకైతే ఇంకా తక్కువ, తులసికి రెండు వారాలు సరిపోతుంది. తులసి సీసాలో ఆకులు నల్లబడడం చూసి చెడిపోయిందని పారబోస్తుంటారు. ఆకుపచ్చ రంగు ఆల్కహాల్‌లో దిగి, మారి గోధుమ రంగుకు వస్తుంది. అది చెడిపోవడం కాదు.

దిగిందా లేదా తెలుసుకోవడానికి ఒక తేలికైన పరీక్ష ఉంది. గాజు గ్లాసులో పావు వంతు మామూలు నీళ్లు పోసి, అందులో ఇరవై చుక్కల శొంఠి టింక్చర్ వేయండి. పాలచుక్క పడ్డట్టు నీళ్లు మసకబారితే ఘాటు పదార్థం దిగిందని అర్థం. ఆల్కహాల్‌లో కరిగి ఉన్న నూనె, జిగురు నీళ్లు తగలగానే విడిపోవడమే ఆ మసక. రెండో వారం ఒకసారి, నాలుగో వారం ఒకసారి చూస్తే, రెండింటికీ తేడా లేదనిపించిన రోజే వడగట్టాల్సిన రోజు. నీళ్లు మసకబారకుండా రంగు మాత్రమే వచ్చిందంటే శొంఠి పాతది, లేదా వోడ్కా బలం తక్కువది.

వడగట్టడం

చాయ్ జాలితో ఈ పని కాదు. ఉతికి ఆరబెట్టిన పాత నూలు పంచె ముక్కను రెండు మడతలు వేసి, గిన్నె మీద పరిచి, సీసా అంతా ఒంపాలి. ద్రవం దానంతట అదే కారిపోయాక పిప్పిని మూటకట్టి గట్టిగా పిండాలి. ఈ పిండడంలోనే మంచి సారం ఉంటుంది. సగం పని చేసి వదిలేస్తే 375కి 250 మిల్లీలీటర్లు కూడా రావు. బాగా పిండితే 300 దాకా వస్తుంది. వచ్చిందాన్ని మూతపెట్టి ఒక రాత్రి కదలకుండా ఉంచితే శొంఠిలోని పిండి మడ్డిగా అడుగున దిగుతుంది. తెల్లారి పైది మాత్రం మెల్లగా వేరే సీసాలోకి ఒంపుకోవాలి. కొంచెం మడ్డి వచ్చినా ప్రమాదం లేదు, వాడేముందు ఊపితే చాలు.

మిగిలిన పిప్పిలో ఆల్కహాల్ ఉంటుంది. పొయ్యి దగ్గర, చెత్తబుట్టలో సిగరెట్ పీకలు పడే చోట వేయొద్దు. ఆరుబయట పరిచి ఆరాక పారేయాలి. మేకలు, కోళ్లు తిరిగే వాకిట్లో కూడా పెట్టకండి.

ఎవరు, ఎంత

ఈ బలంతో చేసిన శొంఠి టింక్చర్ పెద్దవాళ్లకు ఒకసారికి 1 నుంచి 2 మిల్లీలీటర్లు, అరగ్లాసు గోరువెచ్చని నీళ్లలో కలిపి. సిరప్ సీసాలతో వచ్చే కొలత మూతతోనో, సూది తీసిన సిరంజితోనో కొలవండి. చుక్కలను నమ్ముకోవద్దు, ఒక్కో డ్రాపర్‌ది ఒక్కో సైజు చుక్క. 2 మిల్లీలీటర్లలో ఆల్కహాల్ 1 మిల్లీలీటరు కన్నా తక్కువే. అయినా నీళ్లు కలపకుండా నాలుక మీద వేసుకొని వెంటనే బండెక్కితే, నోట్లో మిగిలిన ఆల్కహాల్‌ను బ్రెత్ అనలైజర్ పట్టుకుంటుంది. పావుగంట ఆగితే అది పోతుంది.

పిల్లలకు, గర్భిణులకు, కాలేయ జబ్బు ఉన్నవాళ్లకు ఇది వద్దు. తాగుడు మానేసిన మనిషి ఇంట్లో ఈ సీసా పెట్టొద్దు, వాళ్లకు శొంఠి కషాయమే మంచిది. తాగుడు మాన్పించేందుకు ఇచ్చే డైసల్ఫిరామ్ వాడుతున్నవాళ్లకు, మెట్రోనిడజోల్ కోర్సులో ఉన్నవాళ్లకు చెంచాడు ఆల్కహాల్ కూడా వాంతులు, గుండెదడ తేవచ్చు. రక్తం పలుచబడే మాత్రలు వేసుకునేవాళ్లు డాక్టరును అడగకుండా శొంఠిని సారంగా తీసుకోవద్దు. చేసినదాన్ని మందుగా అమ్మాలంటే లైసెన్సు కావాలి, పొరుగింటికి కూడా ధరకట్టి ఇవ్వకండి.

ఇంకో మాట. శొంఠి కుదిరింది కదా అని చేలగట్ల మీద దొరికిన ప్రతి మొక్కనూ సీసాలో వేయడం ప్రమాదం. కషాయంలో పూర్తిగా దిగని విషాలు ఆల్కహాల్‌లో బాగా దిగొచ్చు. గన్నేరు, ఉమ్మెత్త, గురివింద, అడవినాభి దుంప చేతితో ముట్టేవే కావు. కరోనా రోజుల్లో అందరూ వాడిన తిప్పతీగ కూడా నిర్భయమేమీ కాదు. దాన్ని వాడినవాళ్లలో కాలేయం దెబ్బతిన్న కేసులు 2021లో వైద్య పత్రికల్లో వచ్చాయి. అట్లాంటిదాన్ని ఆల్కహాల్‌లో ఊరబెట్టి తాగితే కాలేయానికి రెండు వైపులా దెబ్బ.

దాచుకోవడం

వడగట్టిన 300 మిల్లీలీటర్లను ఒకే పెద్ద సీసాలో ఉంచితే, వాడిన కొద్దీ పైన ఖాళీ పెరిగి గాలి, ఆవిరి రెండూ పని మొదలుపెడతాయి. 100 మిల్లీలీటర్ల ముదురు గోధుమరంగు సీసాలు మూడు తీసుకొని మెడ దాకా నింపడం మేలు. రెండు సీసాలు మూత తీయకుండా అట్లనే ఉంటాయి, ఒకటే వాడకంలో ఉంటుంది. తెల్ల సీసాలే దొరికితే నల్ల కాగితం చుట్టి అలమారులో పెట్టండి. ప్లాస్టిక్ సీసాలో నెలల తరబడి ఉంచొద్దు. డ్రాపర్ మూతను సీసాకే బిగించి వదిలేస్తే రబ్బరు బుడ్డి ఆల్కహాల్ ఆవిరికి మెత్తబడి జిగురు కారుతుంది. మామూలు మూత బిగించి, డ్రాపర్‌ను వేరే ఉంచుకుంటే ఆ గొడవ ఉండదు.

లేబుల్ మీద మూలిక పేరు, 1:5, 42 శాతం, ఊరబెట్టిన తేదీ, వడగట్టిన తేదీ రాయాలి. పెన్నుతో రాసిన అక్షరాలు చేతికంటిన ఆల్కహాల్ తగిలితే చెరిగిపోతాయి. పెన్సిల్‌తో రాసి పైన టేపు వేస్తే ఏళ్లయినా ఉంటాయి. పిల్లలకు అందని చోటే పెట్టాలి, తేనె రంగులో ఉంటుంది కాబట్టి తాగాలనిపిస్తుంది.

ఫ్రిజ్ తప్పనిసరి కాదు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఇల్లంతా కాలిపోతుంటే ఫ్రిజ్ తలుపు అరలో పెట్టుకోవచ్చు. గడ్డకట్టదు. చల్లదనానికి మసకబారితే కంగారు వద్దు, బయట పెట్టిన కాసేపటికి తేరుకుంటుంది. శొంఠిది రెండు మూడేళ్లు నిలుస్తుంది, పచ్చి అల్లం, పచ్చి తులసివి ఏడాదిలో వాడేయాలి. పాతబడుతున్న కొద్దీ విషం కాదు గానీ ఘాటు తగ్గుతూ పోతుంది. నీళ్లలో మసకబారే పరీక్షను ఏడాదికోసారి చేసి చూడండి, మొదటి ఏడాది మసకతో పోలిస్తే ఎంత తగ్గిందో తెలిసిపోతుంది. మూత తీయగానే బుస్సుమని గాలి వచ్చినా, పైన తెల్లటి పొర కట్టినా, పుల్లటి వాసన కొట్టినా మాత్రం అది పాతబడడం కాదు, ఎక్కడో నీళ్ల లెక్క తప్పి బలం 20 కిందికి పోయిందని. మళ్లీ వోడ్కా కలిపి బాగు చేయాలని చూడకుండా మోరీలో పారబోసేయండి, తర్వాతిసారి పచ్చి మూలికను తూచేటప్పుడు తడి ఆరిందో లేదో చూసుకోండి.